క్రికెట్ గేమ్, ఫుట్‌బాల్ గేమ్: సెట్టింగుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు సి.క్యాంపు దగ్గర మాకో చిన్న గేమింగ్ షాపు ఉంది. రెండు టీవీలు, రెండు కన్సోళ్లు, మూలన ఒక పాత కంప్యూటర్. గంటకు రూ.60. సాయంత్రం కాలేజీ వదిలాక వచ్చే పిల్లలు, ఆదివారం వచ్చే ఉద్యోగస్తులు అందరూ అవే నాలుగు డౌట్లు తిప్పి తిప్పి అడుగుతుంటారు. కౌంటర్ దగ్గర నిలబడి రోజూ చెప్పే బదులు రాసి పెడదామని కూర్చున్నాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## ఆట మొదలుపెట్టే ముందు

అన్నా, రెండూ స్పోర్ట్స్ గేమ్సే కదా, క్రికెట్‌కి ఒక తీరు, ఫుట్‌బాల్‌కి ఒక తీరు సెట్టింగ్స్ ఎందుకు?

ఫుట్‌బాల్‌ను గడియారంతో కొలుస్తారు, క్రికెట్‌ను బంతులతో కొలుస్తారు. తేడా అంతా అక్కడే మొదలవుతుంది.

ఫుట్‌బాల్ గేమ్‌లో హాఫ్‌కి 6 నిమిషాలు పెడితే మొత్తం 12 నిమిషాల్లో 90 నిమిషాల మ్యాచ్ అయిపోతుంది. అంటే మన ఒక్క నిమిషంలో తెర మీద గడియారం ఏడున్నర నిమిషాలు తిరుగుతుంది. కానీ ఆటగాళ్లు ఏడున్నర రెట్లు వేగంగా పరిగెత్తరు. వాళ్ల పరుగు, పాస్, షాట్ అన్నీ మామూలు వేగంతోనే ఉంటాయి. నిజం మ్యాచ్‌లో ఒక జట్టు నాలుగైదు వందల పాస్‌లు ఇస్తే ఇక్కడ వందో నూట ఇరవయ్యో ఇస్తుంది. ఆ కొద్ది పాస్‌లలోనే రెండు మూడు గోల్స్ పడాలి కాబట్టి గేమ్ అవకాశాలను దగ్గర దగ్గరగా ఇస్తుంది. డిఫెన్స్‌లో సందులు తొందరగా దొరుకుతాయి, ఎదురుదాడి రెండు మూడు పాస్‌లలో గోల్ దాకా వెళ్లిపోతుంది.

క్రికెట్‌లో ఈ కిటుకు పనిచేయదు. బంతిని సగం చేయలేం. మ్యాచ్ చిన్నదవ్వాలంటే ఓవర్లు కోయడం ఒక్కటే దారి. ఓవర్లు కోస్తే ఆట పొట్టిదవడమే కాదు, ఆటే మారిపోతుంది. వికెట్ విలువ, బౌలర్ పని, పిచ్ పాత్ర అన్నీ మారతాయి. అందుకే ఫుట్‌బాల్‌లో టైం పెంచినప్పుడు ఆటను సరిచేసుకోవాలి, క్రికెట్‌లో ఓవర్లు తగ్గించినప్పుడు సరిచేసుకోవాలి. రెండూ ఒకదానికొకటి తలకిందులు.

సిమ్యులేషన్ అంటే ఏంది? ఒకడు రియలిస్టిక్ అంటాడు, ఇంకొకడు మ్యాచ్ స్కిప్ చేయడం అంటాడు.

ఇద్దరూ కరెక్టే. ఒకే మాటను రెండు పనులకు వాడేస్తున్నారు.

మొదటిది, ఆట నిజం ఆటలా నడవడం. బంతి బరువుగా కదలాలి, అలసిన ఆటగాడు నెమ్మదించాలి, తప్పు పాస్ తప్పుగానే పోవాలి. దీనికి ఎదురు మాట ఆర్కేడ్. రెండోది, మనం ఆడకుండా కంప్యూటర్‌కి వదిలేస్తే అది లెక్క వేసి ఫలితం చెప్పడం. దాన్నే కుర్రాళ్లు ‘సిమ్ చేయడం’ అంటారు. ఎవరైనా ‘సిమ్ సెట్టింగ్స్ చెప్పన్నా’ అని వస్తే నేను ముందు ‘ఆడడానికా, దాటేయడానికా?’ అని అడుగుతాను.

నా దగ్గర గంటే ఉంది. ఏది ఆడితే గిట్టుబాటు?

మా షాపు లెక్క చెప్తాను. ఫుట్‌బాల్‌లో 6 నిమిషాల హాఫ్ పెట్టుకుంటే జట్టు ఎంచుకోవడం, మధ్యలో ఆపి మార్పులు చేయడం, రీప్లేలు అన్నీ కలిపి ఒక మ్యాచ్ 15 నిమిషాలు. గంటకు నాలుగు. ఎవరూ మధ్యలో లేవక్కర్లేదు.

క్రికెట్‌లో రీప్లేలు స్కిప్ చేస్తూ పోతే బంతికి సుమారు 15 సెకన్లు పడుతుంది. ట్వంటీ20 అంటే రెండు ఇన్నింగ్స్‌కి 240 బంతులు, అంటే సరిగ్గా గంట. ఫీల్డింగ్ మార్చుకుంటూ ఆడితే గంటన్నర. గంట కట్టి ట్వంటీ20 మొదలుపెట్టినవాళ్లు చివరి నాలుగు ఓవర్ల దగ్గర ‘అన్నా, ఇంకో పది నిమిషాలు’ అనని రోజు లేదు. గంటలో ఒకే మ్యాచ్ నిదానంగా ఆడాలంటే 10 ఓవర్లు సరిపోతుంది. రెండు మ్యాచ్‌లు కావాలంటే 8 ఓవర్లు.

ఫోన్‌లో ఆడేవాళ్లకి ఈ సెట్టింగ్స్ ఉంటాయా?

క్రికెట్‌లో బాగానే ఉంటాయి. చెన్నై నుంచి వచ్చిన వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ అయినా, ముంబై నుంచి వచ్చిన రియల్ క్రికెట్ అయినా ఓవర్లు, లెవెల్ మనమే ఎంచుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో అంత చేతికివ్వరు. ఫోన్‌లో ఈ-ఫుట్‌బాల్ లాంటివి ఎక్కువగా ఆన్‌లైన్ మ్యాచ్‌ల చుట్టూ తిరుగుతాయి. అక్కడ టైం, వేగం అందరికీ ఒకటే.

## క్రికెట్ ఆడేటప్పుడు

ఐదు ఓవర్ల మ్యాచ్‌లో ప్రతి బంతికీ ఊపుడే ఊపుడు. బోర్ కొడుతోంది. లెవెల్ పెంచితే సరిపోతుందా?

సరిపోదు. తప్పు లెవెల్‌లో లేదు, వికెట్ల లెక్కలో ఉంది.

వన్డేలో 300 బంతులకు 10 వికెట్లు, అంటే వికెట్‌కు 30 బంతులు. ట్వంటీ20లో 120 బంతులు, వికెట్‌కు 12. ఐదు ఓవర్లలో 30 బంతులు, చేతిలో మాత్రం అవే 10 వికెట్లు. మూడు బంతులకు ఒకటి పోయినా చివరి బంతి దాకా ఆడతాం. అప్పుడు వికెట్ కాపాడుకోవాల్సిన అవసరం ఏముంది?

ఒక లెక్క వేసి చూద్దాం. ఊపితే పది బంతుల్లో నాలుగు సిక్స్‌లు పడుతున్నాయని, నాలుగు బంతులకు ఒక వికెట్ పోతోందని అనుకుందాం. ఐదు ఓవర్లలో ఊపుతూనే ఉంటే 12 సిక్స్‌లు, 72 పరుగులు, ఏడెనిమిది వికెట్లు. ఇంకా రెండు వికెట్లు మిగిలే ఉంటాయి. జాగ్రత్తగా ఓవర్‌కు 8 చొప్పున ఆడితే 40 పరుగులే. ఊపినవాడే గెలుస్తాడు.

అదే ఊపుడు ట్వంటీ20లో చేస్తే? నాలుగు బంతులకు ఒక వికెట్ చొప్పున 40 బంతుల్లో ఆలౌట్. 16 సిక్స్‌లు, 96 పరుగులు. ఓవర్‌కు 8 చొప్పున 20 ఓవర్లు ఆడినవాడికి 160. ఇక్కడ ఊపినవాడు ఓడిపోతాడు.

గేమ్ అదే, బ్యాట్స్‌మన్ అదే, లెవెల్ అదే. ఓవర్లు మార్చగానే ఏది తెలివైన ఆటో మారిపోయింది. లెవెల్ పెంచితే సిక్స్‌లు కొంచెం తగ్గుతాయి, కానీ ఊపడమే లాభం అన్న సంగతి మారదు. వికెట్లను కూడా ఓవర్లతో పాటే తగ్గించాలి. వికెట్‌కు 12 బంతులు అన్న ట్వంటీ20 లెక్కే పెట్టుకుంటే 5 ఓవర్లకు 3 వికెట్లు, 8 ఓవర్లకు 4, 10 ఓవర్లకు 5. మూడు వికెట్ల రూలుతో అదే ఊపుడు ఊపితే 12 బంతుల్లో ఆలౌట్, 29 పరుగులు. జాగ్రత్తగా ఆడినవాడి 40 ముందు అది తక్కువే. బజారులో చిన్నప్పుడు మనం ఆడిందీ ఇదే కదా, ముగ్గురే ఉన్న జట్టులో ఎవడూ మొదటి బంతికే గాల్లోకి లేపేవాడు కాదు.

కానీ మా గేమ్‌లో వికెట్లు తగ్గించే ఆప్షనే లేదు. ఎట్లా?

చాలా గేమ్‌లలో లేదు. మా షాపులో రెండు పద్ధతులు నడుస్తున్నాయి, రెండింటికీ ఒక కాగితం, పెన్ను కావాలి.

ఒకటి, మూడో వికెట్ పడగానే స్కోరు కాగితం మీద రాసుకోవడం. మిగతా బంతులు బ్యాటింగ్ జట్టు వదిలేస్తుంది, ఆ తర్వాత వచ్చిన పరుగులు లెక్కలోకి రావు. దీనిలో చిరాకు ఏమిటంటే, రెండో ఇన్నింగ్స్‌లో తెర మీద టార్గెట్ ఒకటి, కాగితం మీద ఇంకొకటి. ఒకసారి ఇద్దరు డిగ్రీ పిల్లలు కాగితం టార్గెట్ దాటేసి కూడా చూసుకోకుండా తెరనే చూస్తూ ఆడి, ఇంకో వికెట్ పోగానే ‘ఓడిపోయినాంరా’ అని కంట్రోలర్ పక్కన పెట్టేశారు. కాగితం నా దగ్గరుంది కాబట్టి సరిపోయింది.

రెండోది నాకు ఎక్కువ నచ్చింది. ఇండోర్ క్రికెట్‌లో అవుటైతే 5 పరుగులు కోస్తారు, ఆ రూలే ఇక్కడ పెట్టుకోవడం. మొత్తం ఇన్నింగ్స్ ఆడండి, చివర్లో వికెట్‌కు ఐదు చొప్పున తీసేయండి. 72 కొట్టి 8 వికెట్లు పోగొట్టుకున్నవాడికి మిగిలేది 32. ఒక్క వికెట్‌తో 40 కొట్టినవాడికి 35. రెండు తీర్ల ఆటా దగ్గర దగ్గరగా వస్తాయి, అప్పుడే ఏ బంతికి ఊపాలో ఆలోచిస్తారు. ఆట మధ్యలో ఆపాల్సిన పనీ లేదు.

పిచ్ మార్చితే నిజంగా తేడా తెలుస్తుందా, పేరుకేనా?

కంప్యూటర్, కన్సోల్ మీద వచ్చే పెద్ద గేమ్‌లలో తెలుస్తుంది. గడ్డి పిచ్ పెడితే పేసర్ బంతి పడ్డాక పక్కకు కదులుతుంది, పొడి పిచ్, పగుళ్ల పిచ్ పెడితే స్పిన్నర్‌కి తిరుగుతుంది. తెలియడం లేదంటే కారణం సాధారణంగా ఒకటే. మీరు ఐదారు ఓవర్లే ఆడుతున్నారు, ఎంచుకున్నది మొదటి రోజు మామూలు పిచ్. పిచ్ అరగాలంటే ఓవర్లు పడాలి. ఆరు ఓవర్లలో అది అరగదు, బంతీ పాతబడదు. పిచ్ ఎంత అరిగిందో ముందే ఎంచుకునే వీలుంటే చిన్న మ్యాచ్‌కి అరిగిన పిచ్‌తోనే మొదలుపెట్టండి.

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఎక్కువగా అనంతపురం ఆర్‌డీటీ స్టేడియంలో జరిగాయి. మొదటి రోజే ఇండియా డి జట్టు 164కి ఆలౌటైంది, అందులో 86 అక్షర్ పటేల్ ఒక్కడివే. ఆ రోజు సాయంత్రం ఒకతను షాపుకొచ్చి గేమ్‌లో పచ్చటి పిచ్ పెట్టి, పేసర్లతో కొత్త బంతి వేయించి ఆడాడు. ఆరు ఓవర్లకు నాలుగు వికెట్లు, 22 పరుగులు. ‘ఇదన్నా గేమంటే’ అన్నాడు. తర్వాత వారం ఫ్లాట్ పిచ్‌కి మారిపోయాడు, అది వేరే సంగతి.

హార్డ్ పెడితే 30కి ఆలౌట్, మీడియం పెడితే 250. మధ్యలో ఏం లేదా?

ఉంది, కానీ లెవెల్ మెనూలో వెతికితే దొరకదు.

మొదట బ్యాటింగ్ లెవెల్, బౌలింగ్ లెవెల్ విడివిడిగా ఉన్నాయేమో చూడండి. బిగ్ యాంట్ అనే కంపెనీ వాళ్ల క్రికెట్ గేమ్‌లలో ఉంటాయి. చాలామందికి బౌలింగ్ తొందరగా పట్టుబడుతుంది, బ్యాటింగ్‌కి నెలలు పడుతుంది. రెండింటినీ ఒకేసారి పెంచితే ఒక వైపు సరిపోయి ఇంకో వైపు మునిగిపోతాం.

తర్వాత తెర మీద కనిపించే సాయాలు. బంతి పడే చోట ఒక గుర్తు కనిపిస్తుంది కదా, అది బ్యాట్స్‌మన్‌కి ముందే కాపీ చిట్టీ అందించడం లాంటిది. లెంగ్త్ చదవాల్సిన పనే ఉండదు. మీడియంలోనే ఉండి ఆ గుర్తు ఒక్కటి ఆపేయండి. మొదటి రెండు మ్యాచ్‌లు చికాకుగా ఉంటుంది. మూడో మ్యాచ్ నుంచి కళ్లు బౌలర్ చేతి మీదికి వెళ్తాయి. మా రెగ్యులర్ కస్టమర్ ఒకతనికి మీడియంలో 20 ఓవర్లకు 230 వచ్చేది. గుర్తు ఆపేశాక 95, 120, 148, ఆ తర్వాత 150 నుంచి 170 మధ్య నిలబడింది. అది అసలు ట్వంటీ20 స్కోరే.

టైమింగ్ ఎప్పుడూ ‘లేట్’ అనే చూపిస్తోంది. నా చెయ్యి అంత నెమ్మదా?

చెయ్యి కాదు, టీవీ అయ్యుండొచ్చు. ముందు దాన్ని చూడండి.

140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చేతి నుంచి బ్యాట్ దాకా రావడానికి అర సెకను కూడా పట్టదు. టీవీలు బొమ్మను అందంగా చూపించడానికి లోపల కొంత సవరణ చేస్తాయి. దానికి ఒక్కో టీవీలో సెకనులో పదో వంతు దాకా పోతుంది. అర సెకను పనిలో పదో వంతు ఆలస్యమంటే అయిదో వంతు పోయినట్టే. ఫుట్‌బాల్‌లో ఇది అంతగా తెలియదు, పాస్ కొంచెం ఆలస్యమైనా పాసే.

మేం కొత్తగా పెద్ద టీవీ కొన్న వారం, ఆ టీవీ దగ్గర కూర్చున్నవాళ్లందరూ లేట్ లేట్ అని గొడవ. కంట్రోలర్ మార్చాను, కేబుల్ మార్చాను, మూడు రోజులు తల పట్టుకున్నాను. చివరికి మా బావమరిది వచ్చి టీవీ పిక్చర్ మెనూలోకి వెళ్లి గేమ్ మోడ్ ఆన్ చేసి వెళ్లిపోయాడు. తెర కొంచెం పాలిపోయింది, టైమింగ్ మాత్రం కుదిరింది.

మీ ఇంట్లో కనిపెట్టడం తేలిక. స్పిన్నర్‌కి టైమింగ్ సరిగ్గా పడుతూ, పేసర్‌కి మాత్రమే ఎప్పుడూ లేట్ అవుతుంటే టీవీని అనుమానించండి. ఇద్దరికీ ఒకసారి లేట్, ఒకసారి ఎర్లీ అవుతుంటే అది ప్రాక్టీస్ సంగతి.

టెస్ట్ మ్యాచ్ పూర్తిగా ఆడేవాళ్లు ఉంటారా అన్నా?

ఉన్నారు, ఇంట్లో కన్సోల్ ఉన్నవాళ్లు. రోజుకు 90 ఓవర్లంటే 540 బంతులు, బంతికి 15 సెకన్ల చొప్పున రెండుంపావు గంటలు. ఐదు రోజులూ ఆడితే పదకొండు గంటలు దాటుతుంది. నాకు తెలిసిన ఒక బ్యాంకు ఉద్యోగి రాత్రి భోజనం తర్వాత ఒక్క సెషన్ చొప్పున ఆడతాడు, 30 ఓవర్లు, ముప్పావు గంట. పిచ్ పగలడం, బంతి పాతబడటం, స్పిన్నర్‌ను కాపాడుకుని చివరి రోజు దింపడం, ఇవన్నీ గేమ్‌లో పెట్టింది ఇలాంటి వాళ్ల కోసమే. గంటల లెక్కన కట్టేవాళ్లకు మాత్రం నేనే వద్దని చెప్తాను.

## ఫుట్‌బాల్ ఆడేటప్పుడు

హాఫ్ ఎన్ని నిమిషాలు పెట్టుకోవాలి?

స్నేహితులతో అయితే 6. ఈఏ కంపెనీ ఫుట్‌బాల్ గేమ్‌లో ఆన్‌లైన్‌లో పోటీపడే అల్టిమేట్ టీమ్‌లో కూడా హాఫ్‌కి 6 నిమిషాలే, కాబట్టి చేతికి అదే అలవాటవుతుంది. 4 నిమిషాలు పెడితే మొదటి గోల్ కొట్టినవాడే గెలుస్తాడు, వెనకబడినవాడికి తేరుకునే టైం ఉండదు. ఒక జట్టును సీజన్ల తరబడి నడిపే కెరీర్ ఒంటరిగా ఆడేవాళ్లు, మిడ్‌ఫీల్డ్‌లో బంతి తిప్పాలనుకునేవాళ్లు 10 దాకా వెళ్లొచ్చు. కానీ 10 పెట్టి మిగతావి ముట్టుకోకపోతే గోల్స్ వాన కురుస్తుంది.

పది నిమిషాల హాఫ్ పెట్టా. స్కోరు 7-3, 6-4 వస్తోంది. ఇది రియలిస్టిక్ ఎట్లా అవుతుంది?

కాదు మరి. పొట్టి మ్యాచ్‌లో రెండు మూడు గోల్స్ పడేలా ఆట వేగాన్ని, అవకాశాలను అమర్చి పెట్టారు. టైం మాత్రమే పెంచితే ఆ అవకాశాలు కూడా అదే లెక్కన పెరుగుతాయి. దీన్ని కిందికి దించడానికే స్లైడర్లు, అంటే పాస్, షాట్, కీపర్ లాంటి ఒక్కోదాన్ని విడిగా పెంచి తగ్గించే మీటలు. ఈఏ గేమ్‌లో అవి 0 నుంచి 100 దాకా ఉంటాయి, మొదట అన్నీ 50 మీద ఉంటాయి. మన జట్టుకు ఒక వరస, కంప్యూటర్ జట్టుకు ఇంకో వరస.

నేను వర్షాకాలంలో షాపు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాలు కూర్చుని చేసింది చెప్తాను. వరల్డ్ క్లాస్ లెవెల్, 10 నిమిషాల హాఫ్, దగ్గర దగ్గర బలం ఉన్న జట్లు, ఎదురుగా కంప్యూటర్. ఏమీ ముట్టుకోకుండా నాలుగు మ్యాచ్‌లు ఆడితే 6-4, 5-5, 7-3, 4-4. సగటు తొమ్మిదిన్నర గోల్స్.

మొదట గేమ్ స్పీడ్‌ను స్లో చేశాను, అది ఒక్కటే. మూడు మ్యాచ్‌లకు సగటు 7కి వచ్చింది. డిఫెండర్లు తమ చోటికి తిరిగి రావడానికి టైం దొరికింది.

రెండోసారి, పాస్‌లు ఎంత గురి తప్పాలో చెప్పే పాస్ ఎర్రర్ రెండు జట్లకూ 50 నుంచి 58 చేశాను. అంతకుముందు నా పాస్‌లలో వందకు 94 చేరుతుండేవి. నిజం ఆటలో పెద్ద లీగ్ జట్లకు సగటున 80-85 మధ్య ఉంటుంది. మార్చాక నాది 86కి దిగింది. గోల్స్ సగటు 5. అసలు తేడా కనిపించింది ఇక్కడే. వెనక్కి తిరిగి గోల్‌కి ఎదురుగా లేని ఆటగాడితో పొడుగు పాస్ వేయిస్తే అది లైన్ దాటి పోవడం మొదలైంది. దాంతో నేనే ఒక్క టచ్ ఆగి, తిరిగి, అప్పుడు పాస్ ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. ఆట దానంతటదే నెమ్మదించింది.

మూడోసారి షాట్ ఎర్రర్ 55. స్కోర్లు 2-1, 3-1, 1-1. అక్కడ ఆపేశాను.

మధ్యలో ఒక తప్పు కూడా చేశాను. గోల్స్ తగ్గించాలన్న తొందరలో గోల్‌కీపర్ స్లైడర్‌ను ఒకేసారి 75 చేశాను. స్కోరు తగ్గింది, కానీ ఆట పాడైంది. అవకాశాలు అన్నే వస్తున్నాయి, కీపర్ మాత్రం గోడలా నిలబడి అన్నీ ఆపేస్తున్నాడు. 20 షాట్లు కొట్టి 0-0 అయితే అది రియలిజం కాదు. స్కోరు బోర్డు ఒక్కటే చూడకుండా షాట్ల సంఖ్య, పాస్ శాతం కూడా చూడమని నేను అనేది అందుకే. ఒకసారికి ఒకే స్లైడర్, ఐదారు పాయింట్లకు మించకుండా కదపండి, మూడు మ్యాచ్‌లు ఆడాకే ఇంకోదాని జోలికి వెళ్లండి. ఒక్క మ్యాచ్ చూసి తేల్చేస్తే అది అదృష్టమో స్లైడరో తెలియదు.

లెవెల్ పెంచడానికీ స్లైడర్ కదపడానికీ తేడా ఏంది?

లెవెల్ పెంచితే ఎదుటివాడు మెరుగవుతాడు. తొందరగా ట్యాకిల్ చేస్తాడు, తొందరగా నిర్ణయం తీసుకుంటాడు, తప్పు తక్కువ చేస్తాడు. స్లైడర్ కదిపితే ఆట సూత్రమే మారుతుంది. గెలవడం తేలికైపోయిందంటే లెవెల్ పెంచండి. గెలిచినా ఓడినా ఆట పింగ్‌పాంగ్‌లా అటూ ఇటూ పరిగెడుతోందంటే స్లైడర్ కదపండి. రెండో ఇబ్బందికి మొదటి మందు వేస్తే, పింగ్‌పాంగ్ అలాగే ఉండి మనం 7-3తో ఓడిపోవడం మొదలవుతుంది.

ఈ స్లైడర్లు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చా?

కుదరదు. ఇద్దరికీ ఒకే ఆట ఉండాలి కదా. 2025లో వచ్చిన ఎఫ్‌సీ 26లో ఈఏ వాళ్లే దీన్ని రెండుగా విడదీశారు. ఆన్‌లైన్ పోటీలకు కాంపిటీటివ్ అనే తీరు, కెరీర్ లాంటి వాటికి ఆథెంటిక్ అనే తీరు. రెండోదానిలో ఆట నెమ్మదిగా నడుస్తుంది. స్లైడర్లతో కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పాసింగ్ మాన్యువల్ చేస్తే బాగుంటుందా?

రియలిజం కోసమైతే, గేమ్ కొంతే సాయం చేసే సెమీ చాలు. మాన్యువల్‌లో పాస్ దిశ, బలం రెండూ పూర్తిగా మన వేలి మీదే ఉంటాయి. నేర్చుకున్నవాడికి అంతకు మించిన తృప్తి లేదు కానీ, మా షాపులో నేర్చుకున్నవాళ్లు ఇద్దరే.

## సీజన్, కెరీర్ ఆడేటప్పుడు

ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లు. అన్నీ ఆడాలా, కొన్ని సిమ్ చేయొచ్చా?

హాఫ్ 6 నిమిషాలైనా 38 మ్యాచ్‌లకు ఆట టైమే ఏడున్నర గంటలు. 10 నిమిషాలైతే పన్నెండు గంటలు దాటుతుంది, మెనూలు, కప్ మ్యాచ్‌లు అదనం. అందుకే సిమ్ చేయడం తప్పేం కాదు. ఏది చేయాలన్నదే ప్రశ్న.

సిమ్‌లో ఫలితం మీ వేళ్ల నైపుణ్యం మీద ఆధారపడదు, జట్టు బలం, అలసట, ఫామ్ మీద ఆధారపడుతుంది. మీరు చిన్న జట్టు తీసుకుని చేతిలో ఉన్న పనితనంతో టాప్‌లో ఉంటే, సిమ్ చేసిన ప్రతిసారీ జట్టు దాని అసలు స్థాయికి జారుతుంది. మా దగ్గర ఆడే ఒకతను వరసగా తొమ్మిది గెలిచి, పరీక్షలొచ్చాయని ఆరు మ్యాచ్‌లు సిమ్ చేశాడు. ఒకటి గెలిచాడు. గేమ్ మోసం చేసిందన్నాడు. మోసం కాదు, ఆ తొమ్మిదీ జట్టు గెలవలేదు, అతను గెలిచాడు.

చిన్న జట్టుతో ఆడేవాళ్లు తమ కంటే చాలా బలహీనమైన జట్లతో ఉన్న మ్యాచ్‌లనే సిమ్‌కి వదలాలి. పెద్ద జట్టుతో ఆడేవాళ్లకు ఈ బెంగ తక్కువ. ఈఏ వాళ్ల పాత గేమ్ ఫిఫా 21 నుంచి సిమ్ నడుస్తుండగానే మ్యాచ్ మధ్యలోకి దూకే వీలు కూడా ఉంది. 60వ నిమిషం దాకా వదిలేసి, 0-1 ఉంటే దిగి ఆడొచ్చు. పది నిమిషాల పనిలో మ్యాచ్‌లో మంచి భాగం దక్కుతుంది.

క్రికెట్‌లో నేను బ్యాటింగ్ ఆడి బౌలింగ్ సిమ్ చేస్తా. 200 కొట్టినా ఓడిపోతున్నా. ఎందుకు?

మీరు కొట్టిన 200కీ, సిమ్ ఇచ్చే పరుగులకూ కొలబద్ద వేరు. మీ 200 మీ బ్యాటింగ్ లెవెల్ వల్ల వచ్చింది. ఎదుటి జట్టు పరుగులు మీ లెవెల్‌తో పని లేకుండా, రెండు జట్ల ఆటగాళ్ల రేటింగుల నుంచి వస్తాయి. మీ బౌలర్లు బలహీనమైతే 200 కూడా కరిగిపోతుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. మనం హార్డ్‌లో కష్టపడి 110 కొడితే, సిమ్‌లో అవతలి జట్టు 90కి ఆలౌటవుతుంది.

మొత్తం సిమ్ చేయకుండా ముక్కలుగా చేసుకోండి. చాలా గేమ్‌లలో ఓవర్ చివరిదాకా, వికెట్ పడేదాకా అని ఎంచుకోవచ్చు. ట్వంటీ20లో మొదటి 6 ఓవర్లు, చివరి 4 మీరు వేసి, మధ్య 10 ఓవర్లు ఒక్కో ఓవర్ చొప్పున వదలండి. రెండు ఓవర్లలో 30 పోయాయంటే ఆగి బంతి చేతిలోకి తీసుకోండి. 120 బంతులకు 60 మాత్రమే వేస్తారు, పావుగంట మిగులుతుంది, మ్యాచ్ మాత్రం చేజారదు.

## ఇద్దరు కలిసి ఆడేటప్పుడు

మా తమ్ముడు కొత్త, నేను పాత. ప్రతిసారీ 8-0. ఏం సెట్ చేయాలి?

ఫుట్‌బాల్‌లో జట్టు తేడా పెట్టండి. మీరు రెండున్నర స్టార్ల జట్టు, తమ్ముడికి ఐదు స్టార్ల జట్టు. అతనికి గేమ్ ఎక్కువ సాయం చేసే అసిస్టెడ్ పాసింగ్, మీకు సెమీ. కంట్రోలర్ సెట్టింగులు ఎవరివి వాళ్లవే కాబట్టి ఇది కుదురుతుంది.

క్రికెట్‌లో జట్టు తేడా అంతగా పనిచేయదు. కొత్తవాడికి టైమింగే కుదరదు, చేతిలో ఎంత పెద్ద బ్యాట్స్‌మన్ ఉంటే ఏం లాభం? అక్కడ ఇద్దరూ ఒకే జట్టులో చేరి కంప్యూటర్ మీద ఆడండి. అతనొక ఎండ్, మీరొక ఎండ్. సింగిల్ తీసి స్ట్రైక్ ఎవరికివ్వాలన్న గొడవతోనే సగం సరదా.

మధ్యలో కరెంట్ పోతే?

ఫుట్‌బాల్ మ్యాచ్ పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి ఆడండి. పోయేది పది నిమిషాలే. క్రికెట్‌లో చాలా గేమ్‌లు మ్యాచ్ మధ్యలో సేవ్ చేసుకోనిస్తాయి. ఐదు ఓవర్లకోసారి మెనూలోకి వెళ్లి సేవ్ చేయండి. ఎండాకాలం మా షాపులో ఇన్వర్టర్ ఫ్యాన్లకు, టీవీలకు కలిపి ఇరవై నిమిషాలే వస్తుంది కాబట్టి, మూడు బీప్‌లు వినిపించగానే నేనే ‘సేవ్ చేయండి’ అని అరుస్తాను. ఆగిపోయిన టైముకు డబ్బులు తీసుకోను.